తాతయ్య వెంట ఎవరు వెళ్తారు? ఇంటి క్యాలెండర్‌లో రాయాల్సిన అసలు సంగతి

విజయనగరంలో ఒక ఇల్లు అనుకుందాం. ఇలాంటి ఇళ్లు మన వైపు వీధికొకటి ఉంటాయి. తాతయ్య రిటైరైన టీచరు. షుగరుకీ గుండెకీ మందులు వాడుతున్నారు, మూడు నెలలకోసారి విశాఖ వెళ్లి డాక్టరుకి చూపించుకోవాలి. నానమ్మకు మోకాళ్ల నొప్పులు, గుమ్మం దాటి ఎక్కువ తిరగలేరు. నాన్నది పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టుల ఉద్యోగం. అమ్మ గజపతినగరంలో బ్యాంకులో పనిచేస్తోంది. బాబు ఎనిమిదో తరగతి, పాప రెండో తరగతి. అత్త హైదరాబాద్‌లో ఉంటుంది. ఆసుపత్రికి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్లు తీసుకునేది ఆవిడే.

అత్త ఫోన్ చేస్తే ఆసుపత్రివాళ్లు మార్చి 31, మంగళవారం ఉదయం 11 గంటలకు రమ్మన్నారు. కాగితం మీద చూస్తే ఇబ్బందేమీ కనిపించదు. నాన్నకి ఆ వారం నైట్ షిఫ్ట్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, అంటే పగలంతా ఖాళీ. పిల్లలు బడిలో ఉంటారు. అమ్మ ఒక పూట సెలవు పెడితే సరిపోతుంది.

నిజానికి ఆ రోజు తాతయ్య వెంట వెళ్లే మనిషే లేరు. రాత్రంతా నిలబడి పనిచేసి, కంపెనీ బస్సులో ఏడున్నరకు ఇల్లు చేరిన మనిషి ఎనిమిదింటికల్లా నిద్రపోవాలి. ఆయన్ని 60 కిలోమీటర్ల అవతలికి కారు నడుపుతూ పంపడం ప్రమాదం. మార్చి 31 అంటే బ్యాంకుల్లో సంవత్సరాంతపు లెక్కలు ముగించే రోజు, అమ్మకు సెలవు దొరకదు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు కాబట్టి పాపను సాయంత్రం కాకుండా మధ్యాహ్నం పన్నెండున్నరకే తీసుకురావాలి. నానమ్మ బడి దాకా నడవలేరు.

ఇక్కడ ఏ రెండు అపాయింట్‌మెంట్లూ ఒకదాని మీద ఒకటి పడలేదు. అయినా రోజంతా చిక్కే. ఉమ్మడి క్యాలెండర్ పెట్టుకుని కూడా "ఇది మాకు పనికిరాలేదు" అని వదిలేసేవాళ్లలో చాలామంది ఆగేది ఇక్కడే అని నా అభిప్రాయం. వాళ్లు క్యాలెండర్‌లో డాక్టరు టైము రాస్తారు, స్కూలు ఫంక్షన్ టైము రాస్తారు. ఆ పని ఏ మనిషిని, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పట్టి ఉంచుతుందో రాయరు. క్లాష్ వచ్చేది మనుషుల దగ్గర, అందుకే క్యాలెండర్‌లో ఉండాల్సింది మనుషుల సమయం.

డాక్టరు టైము అరగంట, మనిషి సమయం ఏడున్నర గంటలు

పైన చెప్పిన 11 గంటల అపాయింట్‌మెంట్‌నే చూడండి. ఫోన్‌లో అది 11 నుంచి 11.30 వరకు చిన్న గడిలా కూర్చుంటుంది. అసలు లెక్క వేరు. ఉదయం ఏడున్నరకు బయల్దేరాలి. ట్రాఫిక్ దాటుకుని ఆసుపత్రి చేరి, ఓపీ చీటీ రాయించుకోవాలి. మనకిచ్చిన టైము టోకెన్ వరస మాత్రమే, డాక్టరుగారు ఆపరేషన్ నుంచి ఆలస్యంగా వస్తే అందరివీ జరుగుతాయి. చూపించుకున్నాక ఈసీజీయో ఎకోనో రాస్తే మళ్లీ ఒక వరస, ఆ రిపోర్టు పట్టుకుని మళ్లీ లోపలికి. మందులు కొనుక్కుని, ఎక్కడో భోజనం చేసి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర, మూడు. కాబట్టి క్యాలెండర్‌లో రాయాల్సింది ఉదయం 7.30 నుంచి మధ్యాహ్నం 3 వరకు. డాక్టరు టైమును కింద వివరాల్లో రాసుకోవచ్చు.

పేరు రాయడంలో కూడా ఒక పద్ధతి ఉంటే మేలు. "డాక్టర్" అని రాస్తే ఎవరికి, ఎవరితో అన్నది తెలియదు. "తాతయ్య + అమ్మ, విశాఖ, కారు" అని రాస్తే ఆ గడి ముగ్గురి సంగతి చెబుతుంది: వెళ్లేవారు, తోడు వెళ్లేవారు, ఆ రోజు ఇంట్లో లేని బండి. బండి రాయడం చాలామంది మరిచిపోతారు. ఇంట్లో కారు ఒకటే అయినప్పుడు అది కూడా ఒక మనిషి లాంటిదే, ఒకేసారి రెండుచోట్ల ఉండలేదు. ఇంకా తోడు ఎవరో తేలకపోతే "తాతయ్య + ?" అని పెట్టండి. ఆ ప్రశ్న గుర్తు కనిపించినంతకాలం ఆ పని కుదిరినట్టు కాదని అందరికీ తెలుస్తుంది.

వరసల విషయంలో ఇంట్లో చిన్నపిల్ల ఎలా పిలుస్తుందో అలాగే రాసుకోవడం నయం. అత్త "నాన్న" అని రాస్తే అమ్మకు అది మామయ్య, పాపకు తాతయ్య. అందరూ పాప పిలిచే పిలుపులే వాడితే గందరగోళం ఉండదు. జబ్బు పేరు మాత్రం శీర్షికలో రాయకండి. నోటిఫికేషన్ లాక్ అయిన ఫోన్ మీద కూడా వస్తుంది, పక్కనున్నవాళ్లు చదువుతారు. తాతయ్యకు అది నచ్చకపోవచ్చు.

గూగుల్ క్యాలెండర్‌లో పెట్టుకునే విధానం

ఇంట్లో ఎక్కువమందికి ఆండ్రాయిడ్ ఫోన్లూ జీమెయిలూ ఉంటాయి కాబట్టి గూగుల్ క్యాలెండర్ తేలిక. ఉమ్మడి క్యాలెండర్‌ను మొదటిసారి కంప్యూటర్‌లో పెట్టుకోవడం సుఖం. ల్యాప్‌టాప్‌లో calendar.google.com తెరిచి, ఎడమవైపు Other calendars పక్కనున్న + గుర్తు నొక్కి, Create new calendar ఎంచుకోవాలి. పేరు "ఇల్లు" అని పెట్టండి. తర్వాత దాని సెట్టింగ్స్‌లో Add people and groups దగ్గర ఇంట్లోవాళ్ల జీమెయిల్ ఇవ్వాలి. నాన్నకు Make changes to events అనుమతి ఇవ్వండి. తాతయ్యకు, బాబుకు See all event details చాలు, చూడగలరు కానీ పొరపాటున చెరిపేయలేరు. ఇంకొకరిని చేర్చే హక్కు కూడా ఇచ్చే పెద్ద అనుమతిని అమ్మ, అత్త ఇద్దరికీ ఇవ్వడం మంచిది. ఒకరి ఫోన్ పోయినా, అకౌంట్ తెరుచుకోకపోయినా రెండోవారి చేతిలో తాళం ఉంటుంది. మెయిల్‌కు వచ్చే లింకును ప్రతివాళ్లూ ఒకసారి నొక్కితేనే క్యాలెండర్ వాళ్ల ఫోన్‌లోకి వస్తుంది. తాతయ్య మెయిల్ ఎప్పుడూ తెరవరు కాబట్టి ఆయన ఫోన్‌లో ఆ పని మనమే కూర్చుని చేయాలి.

గూగుల్‌లో ఫ్యామిలీ గ్రూపు పెడితే Family అనే క్యాలెండర్ దానంతటదే వస్తుంది. అందులో ఉండగలిగేది మొత్తం ఆరుగురు, అందరికీ మార్చే హక్కు ఉంటుంది. మన ఇళ్లకు విడిగా పెట్టుకున్నదే మేలు.

దీనితో పాటు "షిఫ్టులు" అని రెండో క్యాలెండర్ పెట్టుకోండి. షిఫ్టులు రోజూ ఉంటాయి, అవి అసలు క్యాలెండర్‌ను నింపేస్తే ముఖ్యమైనవి కనబడవు. విడిగా ఉంటే కావలసినప్పుడు టిక్ పెట్టి చూసుకోవచ్చు, లేకపోతే తీసేయొచ్చు.

ఇక ఎక్కువగా జరిగే పొరపాటు. ఫోన్‌లో కొత్త పని చేర్చినప్పుడు అది మామూలుగా మన సొంత క్యాలెండర్‌లో పడుతుంది. సేవ్ చేసేముందు అక్కడున్న క్యాలెండర్ పేరు నొక్కి "ఇల్లు" అని మార్చాలి. మార్చకపోతే అమ్మ ఫోన్‌లో కనిపిస్తుంది, నాన్న ఫోన్‌లో ఉండదు. "నేను పెట్టాను కదా", "నాకు రాలేదు" అనే గొడవల్లో చాలావరకు దీనివల్లే. పనిని తెరిచి చూస్తే అది ఏ క్యాలెండర్‌లో ఉందో కింద రాసి ఉంటుంది. అనుమానం వస్తే ముందు అదే చూడండి.

రెండోది నోటిఫికేషన్. అమ్మ ఒక పనికి అరగంట ముందు గుర్తు చేయమని పెడితే అది అమ్మ ఫోన్‌కే వర్తిస్తుంది. ఉమ్మడి క్యాలెండర్ అయినా గుర్తుచేసే ఏర్పాటు ఎవరి ఫోన్‌లో వాళ్లదే. ప్రతివాళ్ల ఫోన్‌లో క్యాలెండర్ సెట్టింగ్స్ తెరిచి "ఇల్లు" పేరు మీద నొక్కి, ఒకటి ముందురోజుకీ ఒకటి రెండు గంటల ముందుకీ పెట్టాలి. స్కూలు వార్షికోత్సవం లాంటి రోజంతా ఉండే పనులకు ఈ ఏర్పాటు వేరేగా ఉంటుంది, దాన్ని కూడా అక్కడే పెట్టుకోవాలి. రంగుల మీద కూడా ఆధారపడకండి, క్యాలెండర్ రంగు ఎవరి ఫోన్‌లో వాళ్లు మార్చుకుంటారు. మనిషి పేరు శీర్షికలో ఉంటే ఏ ఫోన్‌లోనైనా ఒకటే.

అత్తది ఐఫోన్ అయితే గూగుల్ క్యాలెండర్ యాప్ వేసుకుంటే చాలు. ఆపిల్ క్యాలెండర్‌లోనే చూడాలనుకుంటే calendar.google.com/calendar/syncselect పేజీలో "ఇల్లు"కు టిక్ పెట్టాలి. ఆ టిక్ లేకపోతే ఉమ్మడి క్యాలెండర్ అక్కడ కనబడకపోవచ్చు.

షిఫ్టులు, నిద్ర

నాన్న షిఫ్టులు వారానికొకటి మారతాయి. ఎ షిఫ్ట్ ఉదయం 6 నుంచి 2, బి షిఫ్ట్ 2 నుంచి రాత్రి 10, సి షిఫ్ట్ 10 నుంచి మర్నాడు 6. ఆదివారం సెలవు. ఇలా మూడు వారాల చక్రం తిరుగుతుంది కాబట్టి ప్రతివారం రాసుకోనక్కర్లేదు. మూడు పనులు తయారుచేసి, ఒక్కోదాన్నీ ఒక్కో వారం సోమవారం మొదలుపెట్టి, Custom లోకి వెళ్లి 3 వారాలకోసారి సోమ నుంచి శని వరకు తిరిగి వచ్చేలా పెడితే ఏడాది పొడుగునా సరిపోతుంది.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: "నాన్న నిద్ర", ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2. సి షిఫ్ట్ సోమవారం రాత్రి మొదలవుతుంది కాబట్టి నిద్ర మంగళవారం నుంచి పడుతుంది, ఆఖరి నిద్ర ఆదివారం ఉదయం. ఆ ఆదివారాన్ని మిగతా రోజులతో కలపకుండా విడిగా, మూడు వారాలకోసారి అని పెట్టండి. క్యాలెండర్‌లో వారం ఆదివారంతో మొదలయ్యేలా ఉంటే, కలిపి పెట్టిన ఆదివారం ఆ వారం చివరికి రాకుండా మొదటికి పోతుంది.

షిఫ్ట్ కంపెనీలో ఎవరితోనో మార్చుకున్నప్పుడు ఆ రోజు గడి తెరిచి మారిస్తే మూడింటిలో ఒకటి ఎంచుకోమంటుంది. ఒక్కరోజు మార్పుకు This event, చక్రమే మారిపోతే This and following events. All events నొక్కితే గడిచిన నెలలతో సహా అంతా కదిలిపోతుంది. పొరపాటున చెరిపేసినవి కంప్యూటర్‌లో Trash లో దాదాపు 30 రోజులు ఉంటాయి, తిరిగి తెచ్చుకోవచ్చు.

ఇవన్నీ పెట్టాక ఒక విషయం బయటపడుతుంది. ఎ షిఫ్ట్ వారంలో నాన్న మధ్యాహ్నం మూడున్నర తర్వాతే దొరుకుతారు. బి షిఫ్ట్ వారంలో ఉదయం 11 వరకు ఖాళీ, ఊళ్లో రక్తపరీక్షకో కంటి డాక్టరుకో సరిపోతుంది, విశాఖకు చాలదు. సి షిఫ్ట్‌లో సాయంత్రం కాసేపు; ఆ వారం సోమవారం పగలు ఖాళీయే అయినా రాత్రి డ్యూటీకి ముందు పడుకోవాలి. ఆదివారం ఓపీలు ఉండవు. అంటే సెలవు పెట్టకుండా నాన్న తాతయ్యను విశాఖ తీసుకెళ్లే రోజే లేదు. బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు కాబట్టి విశాఖ ప్రయాణాలన్నీ అమ్మ శనివారాల మీదే పడాలి. ఈ సంగతి ఇంట్లో అందరికీ లీలగా తెలుసు, కానీ అత్త ఫోన్ పట్టుకుని ఆసుపత్రివాళ్లతో మాట్లాడే నిమిషంలో కళ్లముందు ఉండదు.

రెండో శనివారాన్ని పెట్టేటప్పుడు "రెండు వారాలకోసారి" అని ఎంచుకోకండి. నెలలో ఐదు శనివారాలు వచ్చిన మొదటిసారే వరస తప్పుతుంది. ఏదైనా రెండో శనివారం మీద పని మొదలుపెడితే Monthly on the second Saturday అని చూపిస్తుంది, అదే సరైనది. నాలుగో శనివారానికి ఇంకొకటి విడిగా పెట్టాలి.

మార్చి 31ని విప్పుకుంటూ

ఇప్పుడు అత్త అదే ఫోన్ చేస్తోందనుకోండి. ముందు క్యాలెండర్ తెరుస్తుంది. Schedule చూపులో పనులు ఒకదాని కింద ఒకటి జాబితాలా వస్తాయి, ఏది దేని మీద పడిందో తెలియదు. అందుకే 3 days గానీ, వారం చూపు గానీ తెరవాలి. అక్కడ ఒకే గంటలో రెండు గడులు పక్కపక్కన కనిపిస్తే ఆగి చదవాలి. ఉమ్మడి క్యాలెండర్‌లో పని సేవ్ చేసేటప్పుడు "ఇది కుదరదు" అని యాప్ మనల్ని ఆపదు, ఆ చూపు మనదే.

31న మూడు గడులు కనిపిస్తాయి: "నాన్న నిద్ర", "అమ్మ, సెలవు దొరకదు", "పాపను తేవాలి 12.30, ?". ఆవిడ ఫోన్ పెట్టకముందే అడుగుతుంది: "శనివారం డాక్టరుగారు ఉంటారా? ఏప్రిల్ 11?" అది రెండో శనివారం. బ్యాంకుకు సెలవు, బడికీ సెలవు. నాన్న ఎ షిఫ్ట్‌లో ఉంటారు, పిల్లలు నానమ్మ దగ్గర ఇంట్లోనే ఉంటారు. కారు ఖాళీ.

తేదీ పదకొండు రోజులు జరిగింది కాబట్టి రెండు ప్రశ్నలు మిగిలాయి. ఆలస్యమైతే ఫరవాలేదా అన్నది ఆసుపత్రినే అడగాలి. ఆయాసం, కాళ్ల వాపు లాంటివి ఉంటే క్యాలెండర్ పక్కన పెట్టి ఎవరో ఒకరు సెలవు పెట్టి వెళ్లాల్సిందే. రెండోది మందులు. పాత చీటీ ప్రకారం ఏప్రిల్ 2 దాకానే కొన్నారనుకుందాం. 31న వెళ్తామన్న లెక్కలో అది సరిపోయింది, ఇప్పుడు తొమ్మిది రోజులు తక్కువ. అందుకే అత్త మార్చి 30న "తాతయ్య మందులు కొనాలి, నాన్న, సాయంత్రం" అని ఇంకో గడి పెడుతుంది. డాక్టరు తేదీ జరిపినప్పుడల్లా మందులు ఎప్పటిదాకా ఉన్నాయో చూసుకోవాలి. ఇది తప్పిపోతే కనిపించని నష్టం, ఎందుకంటే రెండు రోజులు మాత్ర మానేసిన సంగతి పెద్దవాళ్లు చెప్పరు.

రక్తపరీక్ష కూడా ఉంది. పరగడుపున ఇవ్వాలంటే రాత్రి భోజనం తర్వాత 8 నుంచి 10 గంటలు ఏమీ తినకూడదు. షుగరు మనిషిని ఖాళీ కడుపుతో విశాఖ దాకా తీసుకెళ్లడం మంచిది కాదు. ముందురోజు శుక్రవారం ఉదయం ఆరున్నరకు విజయనగరంలోనే ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్లేలా చెప్పుకుంటే రిపోర్టు శనివారానికి చేతిలో ఉంటుంది. క్యాలెండర్‌లో దీనికి రెండు గడులు కావాలి. ఒకటి శుక్రవారం 6.30. ఇంకొకటి గురువారం రాత్రి 8 గంటలకు: "తాతయ్య భోజనం తొందరగా, ఉదయం టిఫిన్, షుగరు మాత్ర రక్తం ఇచ్చాకే". ఏ నిమిషంలో పని చేయాలో ఆ నిమిషానికే గుర్తు రావాలి. శుక్రవారం 6.30కి మోగే ఫోన్, ఆరింటికే టీలో రెండు బిస్కెట్లు తినేసిన తాతయ్యకు సాయం చేయలేదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలో మాత్రం డాక్టరుగారు చెప్పినట్టే రాయాలి.

గోడ మీది క్యాలెండర్

తాతయ్య ఫోన్ చూడరు, గోడ మీద పంచాంగం క్యాలెండర్ చూస్తారు. దాన్ని తీసేయమనడం తప్పు. ఫోన్‌లో లేనివి అందులో ఉన్నాయి: తిథి, అమావాస్య, వర్జ్యం. ఏప్రిల్ 11 మంచిరోజు కాదని నానమ్మ అంటే ఆ ప్రయాణం ఆగుతుంది, ఆ మాట ముందురోజు రాత్రి కాకుండా తేదీ ఖాయం చేసేటప్పుడే రావాలి. అందుకే అత్త తేదీ చెప్పి, నానమ్మ గోడ క్యాలెండర్ చూసి సరే అన్నాకే ఆసుపత్రికి ఖాయం చేయడం మంచి అలవాటు.

రెండు చోట్ల రాసుకుంటే ఏది నిజమో ముందే తేల్చుకోవాలి. ఫోన్‌లో ఉన్నదే అసలు, గోడ మీద ఉన్నది నకలు. ఆదివారం సాయంత్రం బాబు వచ్చే వారం పనులను ఫోన్‌లో చూసి గోడ మీద పెన్నుతో రాస్తాడు. తాతయ్యకు ఎవరైనా ఫోన్ చేసి పెళ్లికి పిలిస్తే ఆయన గోడ మీద రాసి, బాబుకు చెబుతారు, వాడు అమ్మ ఫోన్‌లో ఎక్కిస్తాడు. ఆసుపత్రి చీటీ మీద "మళ్లీ మూడు నెలలకు" అని రాస్తే తోడు వెళ్లినవాళ్లు కౌంటర్ దగ్గర ఉండగానే ఎక్కించాలి. ఇంటికొచ్చాక ఆ చీటీ ఫైల్లోకి పోతుంది.

పండగలను "ప్రతి ఏడాది" అని పెట్టే పొరపాటు కూడా చూస్తుంటాను. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. 2024లో అక్టోబర్ 15, 2025లో అక్టోబర్ 7. ముందురోజు తొలేళ్ల ఉత్సవం. ఆ రెండు రోజులూ మూడు లాంతర్ల జంక్షన్, కోట చుట్టూ జనం, బండ్లు తిరగవు, ఇంటినిండా చుట్టాలు. ఆ రోజు ఊళ్లో క్లినిక్కి టోకెన్ తీసుకోవడం దండగ. కొత్త పంచాంగం వచ్చే ఉగాదికి కూర్చుని ఇలాంటి తేదీలను ఆ ఏడాదికి మాత్రమే ఎక్కించాలి.

స్కూలు పనులు మాత్రం రెండుసార్లు ఎక్కించుకోవాలి. జూన్‌లో బడి తెరిచాక డైరీలో ఇచ్చిన పరీక్షల వారాలు, పేరెంట్స్ మీటింగులు ఒకసారి. ఒంటిపూట బడులు మొదలయ్యేటప్పుడు రెండోసారి. "పాపను తేవాలి" అన్న పని రోజూ సాయంత్రం 4 గంటలకు తిరిగి వచ్చేలా పెట్టి ఉంటుంది. మార్చిలో దాన్ని This and following events తో పన్నెండున్నరకు మార్చి, బడి చివరి రోజుతో ఆపేయాలి. లేకపోతే వేసవి సెలవుల్లో కూడా రోజూ నాలుగింటికి అందరి ఫోన్లూ మోగుతాయి. రెండు వారాలు అలా అనవసరంగా మోగితే నాన్న విసుగొచ్చి నోటిఫికేషన్లన్నీ ఆపేస్తారు. జూలైలో తాతయ్య తర్వాతి చెకప్ తేదీ దగ్గరపడేసరికి నాన్న ఫోన్‌లో అవి ఆపేసే ఉంటాయి, కాబట్టి బడి తెరిచిన వారం ప్రతి ఫోన్‌లో "ఇల్లు" నోటిఫికేషన్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి తెరిచి చూడాలి.